చిరుగు మీదే గుడ్డ

పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ తర్వాత చదివినదంతా కంచరపాలెంలో మా వీధి చివరన ఉన్న శాఖా గ్రంథాలయంలోనే. వంట పుస్తకాల దగ్గర నుంచి ఓడల చరిత్ర దాకా ఏది దొరికితే అది చదివాను. అక్కడి లైబ్రేరియన్ గారు నా సభ్యత్వ కార్డు మూడోసారి మార్చి ఇస్తూ, "కొత్త పుస్తకాలొస్తే ముందు నీకే చెప్పాలమ్మా, లేకపోతే పాతవే మళ్ళీ చదివేస్తావు" అన్నారు. ఆ మాట నేను చాలా మందికి చెప్పుకున్నాను. ఇప్పుడు మీకూ చెప్పాను.

నాది చేపల వ్యాపారం. నేనే యజమానిని, నేనే పనిమనిషిని. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి వేలంలో కొంటాను. అక్కడే కోసే ఆడవాళ్ళ చేత శుభ్రం చేయిస్తాను. ఐసుపెట్టె స్కూటరు వెనక కట్టుకుని ఇళ్ళకు చేరుస్తాను. సాయంత్రం మా ముందుగదిలో కాటా పెట్టి మిగిలినవి అమ్ముతాను. మధ్యాహ్నం లెక్కలు. ఇక రోజంతా ఫోన్లో మెసేజీలు. "కోనాం ఉందా?" "రేపు చందువా దొరుకుద్దా?" "నిన్నటి కానాగంతల్లో ముల్లు గుచ్చుకుంది, ఏం చేయాలి?" చివరిదానికి అరటిపండు తినమని రాశాను. అది మా అమ్మ వైద్యం, పుస్తకాల్లోది కాదు.

నాకున్న అన్ని బేరాల్లోకి పెద్దది రైల్వే గేటు అవతలి ఆడపిల్లల హాస్టల్. ప్రతి ఆదివారం నలభై మందికి శుభ్రం చేసిన చేప పది కేజీలు, ముందురోజు మెసేజ్ పెడితేనే ఖాయం. మెస్ చూసే మేడమ్ కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ముక్కుసూటి మనిషి. నా వారం లాభంలో పెద్ద వాటా ఆవిడదే. ఆ ఒక్క బేరం పోతే నేను మళ్ళీ ఎవరి కొట్లోనో తూకం వేసే పనికి వెళ్ళాల్సిందే.

ఆ బేరం పోవడానికి అంగుళం దూరం దాకా తెచ్చుకున్నది నా బొటనవేలే.

ఒక శనివారం సాయంత్రం కాటా దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. నా చేతులు తడి. ఫోను మోగింది. బొటనవేలితో తెరిచాను. మేడమ్ మెసేజ్. 'రేపు పది కేజీలు, పదింటికల్లా.' సరే, తూకం అయ్యాక ఆర్డర్ల పుస్తకంలో రాసుకుందామనుకున్నాను. తెరిచేసరికి అక్కడ ఆవిడకి నీలం టిక్కులు పడ్డాయి. నా ఫోన్లో చదవని గుర్తు పోయింది. రాత్రి జాబితా రాసుకునేటప్పుడు చదవని మెసేజీలే చూశాను. చదివేసింది మిగతా వాటి కిందికి జారిపోయి ఎక్కడో పడుకుంది.

ఆదివారం పదిన్నరకి ఫోను.

"అమ్మాయ్, చేపలేవి?"

"మేడమ్ గారూ, మర్చిపోనానండి" అన్నాను. అబద్ధం ఆడినా లాభం లేదు. నీలం టిక్కులు ఆవిడ దగ్గరున్నాయి.

"చదివావు కదా. చదివి కూడా మర్చిపోయావా? నలభై మంది పిల్లలకి చేపల పులుసని బోర్డు మీద రాశాను. ఇప్పుడు గుడ్లు ఉడకబెడుతున్నాను. వచ్చే ఆదివారం ఒక్కసారి చూస్తాను. అప్పుడూ ఇలాగే అయితే వేరే వాళ్ళని పెట్టుకుంటాను."

అలా నా చేతిలో ఒక వారం మిగిలింది.

సోమవారం లైబ్రరీకి పరుగెత్తాను. సమయం ఎలా వాడుకోవాలో చెప్పే పుస్తకం దొరికింది. రాసినాయన ఏదో పెద్ద కంపెనీలో అధికారి. అన్నిటికన్నా కష్టమైన పని పొద్దున్నే, బుర్ర తాజాగా ఉన్నప్పుడు చేసెయ్యాలని అందులో ఉంది. నాకు అన్నిటికన్నా కష్టం లెక్కలు. కాబట్టి మంగళవారం మూడున్నరకి లేచి లెక్కలు ముందేసుకున్నాను. బుర్ర నిజంగానే తాజాగా ఉంది. ఎంత తాజాగా అంటే, తల ఎత్తి చూసేసరికి ఐదున్నర. హార్బర్‌కి వెళితే పెద్ద చేపలన్నీ అమ్ముడైపోయి, పిల్లులు కూడా ఆలోచించే రకం కొన్ని మిగిలాయి. ఆ రచయిత ఎప్పుడూ వేలంలో చేప కొని ఉండడు. చేప మన బుర్ర తాజాదనం కోసం ఆగదు, దాని తాజాదనం దానికుంటుంది.

బుధవారం ఇంకో పద్ధతి. మెసేజ్ వచ్చిన వెంటనే జవాబు. అది వేలం దగ్గర మొదలైంది. 'రొయ్యలు ఏ సైజు?' అన్నదానికి జవాబు టైపు చేసి తలెత్తేసరికి నేను కన్నేసిన కోనాం గంప ఇంకొకరి బండెక్కుతోంది. వేలం పాటలో తల దించినవాళ్ళ కోసం ఎవరూ ఆగరు.

ఒడ్డున వల కుట్టుకుంటున్న తాత ఇదంతా చూస్తున్నాడు. మాకు చుట్టం కాదు. నేను హార్బర్‌కి వచ్చిన మొదటిరోజు నుంచీ అక్కడే కూర్చుని కనిపించేవాడు, అంతే. ఒకప్పుడు సముద్రం మీదకి వెళ్ళేవాడు. ఇప్పుడు వలలు బాగుచేస్తాడు.

"ఏటమ్మీ, ఆ ఫోనులోకి దూరిపోతన్నావ్? అందులో సేపలున్నాయేటి?"

"అందులోనే ఉన్నారు తాతా, కొనేవోళ్ళు. నాను సూడకపోతే ఊరుకోరు."

"సూసి ఏటి సేసినావు? గంప పోనాది కదా."

నేను అతని పక్కన కూర్చుని హాస్టల్ సంగతంతా చెప్పాను. పుస్తకం సంగతీ చెప్పాను, కొంచెం గొప్పగానే. అతను సూది ఆపకుండా విన్నాడు.

"ఆ పుస్తకం రాసినోడికి వల ఉందా?"

"లేదనుకుంటాను."

"మరింకేటి" అన్నాడు. వల ఒక కొస ఎత్తి నా ముందు పెట్టాడు. అక్కడక్కడా ఎర్రగుడ్డ పేలికలు ముడివేసి ఉన్నాయి. నేను రోజూ చూసేదాన్నే కానీ ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

"వల లాగేటప్పుడు చిరుగు అగుపడతాది. అప్పుడు సూది తీసి కుట్టుకుంటా కూసుంటే సేపలెవడు లాగుతాడు? అలాగని ఒగ్గేత్తే ఒడ్డుకొచ్చేక ఇంత వలలో ఎక్కడని ఎతుకుతావు? అందుకే ఒక పేలిక ముడెట్టి లాగుడు సాగిత్తారు. ఒడ్డుకొచ్చేక కుట్టడానికి నానున్నాను. పేలికున్న ప్రతి సోటా కుడతాను. కుట్టినాక పేలిక విప్పేత్తాను."

"అంటే గుర్తు పెట్టుకోడం..."

"బుర్రలో కాదమ్మీ. బుర్రలో కడితే ఊడిపోతాది. చిరుగు మీదే గుడ్డ కట్టాల."

నేను ఒక పేలికని వేళ్ళతో పట్టుకుని చూశాను. లైబ్రరీలో ఏళ్ళ తరబడి తిరిగినా నాకు ఇంత చిన్న ముక్కలో ఎవరూ చెప్పలేదు. నా మెసేజ్ చిరిగినచోట గుడ్డ కట్టకుండా, బుర్రలో కట్టుకున్నాను. అదీ నేను చేసిన తప్పు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని ఫోను అంతా తిరగేశాను. మెసేజ్ మీద వేలు నొక్కి పట్టుకుంటే దాన్ని మళ్ళీ చదవనిదిగా గుర్తు పెట్టవచ్చు. ఎన్నేళ్ళుగానో అది అక్కడే ఉంది, నేను చూడలేదు. అదే నా పేలిక. ఇకమీదట తెరవకూడని వేళలో పొరపాటున తెరిచినా, వెంటనే చదవనిదిగా మార్చేస్తాను. పుస్తకంలో రాశాకే ఆ గుర్తు తీస్తాను.

తర్వాత రోజును పలక మీద గళ్ళలాగా గీసుకున్నాను. నాలుగున్నర నుంచి వేలం, కోత. అప్పుడు ఫోను సంచిలోనే. ఏడున్నర నుంచి పదిన్నర దాకా ఇళ్ళకు. పదకొండుకి మెసేజీలు. రెండింటికి లెక్కలు, తల మత్తుగా ఉన్నా సరే. నాలుగింటికి మళ్ళీ మెసేజీలు. ఏడు దాటితే మర్నాటి ఆర్డర్లు తీసుకోను. ఏడున్నరకి జాబితా రాసి, ఏం ఎంత కొనాలో లెక్కేసుకుని పడుకుంటాను. మిగతా వేళల్లో ఫోను దానంతట అదే 'ఇప్పుడు చేపల పనిలో ఉన్నాను, పదకొండుకీ నాలుగింటికీ ఏడున్నరకీ చూస్తాను' అని జవాబిచ్చేలా పెట్టాను.

గురువారం ఎదురింటి మామయ్య గారు కాటా దగ్గరికి వచ్చి నిలదీశారు.

"ఏటమ్మా, నీ ఫోను గవర్నమెంటాఫీసైపోనాదేటి? టైమింగులు సెప్తంది!"

"లంచం అక్కర్లేదు మామయ్యా. పదకొండుకి అడిగితే సాలు."

"మరి నానిప్పుడు ఎదురుగా ఉన్నాను కదా. ఆదివారానికి రెండు కేజీలు రాసుకో."

చేతులు తడిగా ఉన్నాయి. పుస్తకం లోపల ఉంది. నోటి మాటకి ఫోన్లో గుర్తు పెట్టలేం కదా. పక్కనున్న గుడ్డపేలిక తీసి కాటా కొక్కేనికి ముడి వేశాను. ఆయన వింతగా చూశారు. ఏడున్నరకి రాసుకుని విప్పేశాను.

శనివారం వచ్చింది. ఆరింటికి కాటా దగ్గర నలుగురున్నారు. ఫోను మోగింది. మేడమ్ పేరు కనిపించగానే నా వేలు పరుగెత్తి తెరిచేసింది. పాత అలవాటు. పొడుగాటి మెసేజ్. చదవలేదు. నొక్కి పట్టి, చదవనిదిగా మార్చి, ఫోను బోర్లా పెట్టేసి తూకం వేసుకున్నాను.

ఏడున్నరకి తెరిచాను. ఈసారి పది కేజీల చేప కాదు, ఎనిమిదే. రెండు కేజీలు ఒలిచిన రొయ్యలు. ఇద్దరు పిల్లలకి ముళ్ళంటే భయమట. పదింటికి కాదు, తొమ్మిదిన్నరకే కావాలట. కాటా దగ్గరే చదివి ఉంటే నాకు గుర్తుండేది 'హాస్టల్, పది కేజీలు' అన్నంత మటుకే. పుస్తకంలో రాసుకున్నాను. ఎనిమిది కేజీల ముక్కలు రావాలంటే పదకొండు దాకా చేప కొనాలి. రొయ్యలు ఒలిస్తే సగమే మిగులుతాయి కాబట్టి నాలుగు కేజీలు. అన్నీ రాశాక జవాబు పంపాను. 'అలాగేనండి. తొమ్మిదిన్నర.' అప్పుడు గుర్తు తీసేశాను.

మర్నాడు పాటలో నేనే ముందు నిలబడ్డాను. కోనాం దొరికింది. ఆదివారం కదా, హాస్టల్ దారిని ముందుకు జరిపి, మామయ్య గారి ఇల్లున్న మా వీధిని చివరికి పెట్టాను. తొమ్మిదీ ఇరవైకి గేటు దగ్గరున్నాను. మేడమ్ లేరు, ఊరెళ్ళారట, సాయంత్రానికి వచ్చేస్తారట. వంటావిడ తూచి తీసుకుంది. కేకలు వినలేదు, మెప్పూ వినలేదు. ఆ రోజంతా పరీక్ష రాసి వచ్చిన పిల్లలా తిరిగాను.

సోమవారం పొద్దున నాలుగూ నలభైకి, పాట మొదలవుతుండగా, సంచిలో ఫోను కదిలింది. తీసి చూశాను. మేడమ్. పైన ఒక్క ముక్కే కనిపిస్తోంది. 'అమ్మాయ్, నిన్న...'

"ఏటమ్మీ, మళ్ళీ అందులోకి దూరతన్నావా?" అన్నాడు తాత వల వెనక నుంచి.

"లేదు తాతా. తెరవలేదు కదా, పేలిక దానికదే కట్టుకుంది."

ఫోను సంచిలో వేసేశాను. ఆ రోజు కన్నేసిన గంపే నాకు దొరికింది. ఇళ్ళన్నీ తిరిగాను. పదకొండు కొట్టేదాకా దాన్ని ముట్టలేదు. 'నిన్న' తర్వాత ఏముంటుందో నూరు రకాలుగా ఊహించుకున్నాను, అందులో సగం తిట్లే. పదకొండుకి చేతులు తుడుచుకుని, పుస్తకం ముందు పెట్టుకుని తెరిచాను.

'అమ్మాయ్, నిన్న పిల్లలు గిన్నె అడుగు దాకా గీకారు. వచ్చే ఆదివారం పన్నెండు కేజీలు. ఎందుకైనా మంచిదని తెప్పించిన గుడ్ల అట్టలు వెనక్కి ఇచ్చేశాను.'

ముందు పన్నెండు అని పుస్తకంలో రాశాను. ఆ తర్వాతే నవ్వాను.