ఒకటీ ఇరవైకి ఆ పోర్టు ఎవరిది

నరసాపురంలో నాలుగు వీధులకి ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చుకుని బతికే చిన్న ఆపరేటర్ని నేను. ఎవరింట్లో నెట్ ఆగినా ఫోన్ నాకే వస్తుంది. ఈ పనిలో నాకు తెలియనిది లేదని మహా పొగరుండేది. ఆ పొగరు దిగిన సంగతి ఇది. చెప్పుకోడానికి సిగ్గే, కానీ దాచుకున్నన్నాళ్లూ ఇంతకంటే సిగ్గుతో బతికాను.

ఒకరోజు ఉదయం ఎస్సై గారు స్టేషన్‌కి పిలిపించారు. ఎవరో దొంగ పేరుతో అకౌంటు పెట్టి, మా ఊళ్లో డిగ్రీ చదివే ఒకమ్మాయికి చెప్పరాని మెసేజ్ పంపారు. ఆ యాప్ కంపెనీ వాళ్లు రాసిన జవాబు ఆయన చేతిలో ఉంది. అందులో మా ఐపీ అడ్రస్, ఒక పోర్టు నంబరు, తేదీ, టైము ఉన్నాయి.

"అడ్రస్ ఉందిగా, ఇల్లు చూపించవయ్యా," అన్నారు.

"అది ఒక్క ఇంటిది కాదండి. మా దగ్గర వంద ఇళ్ల పైచిలుకు బయటికి కనబడేది ఆ ఒక్క అడ్రస్‌తోనే."

"అదెలా?"

అడిగిందే తడవు, కుర్చీ ముందుకు లాక్కున్నాను. "మా అమ్మ లేసు అల్లేదండి. వీధిలో ఆడవాళ్లందరి లేసూ ఏజెంటు గారి ఒక్క పేరు మీదే బయటికెళ్లేది. ఒక్కోదానికి ఒక నంబరు చీటీ కట్టి, ఏ చీటీ ఎవరిదో పుస్తకంలో రాసుకునేవారు. ఫలానా నంబరు లేసుకి అంచు మార్చమని కబురొస్తే, పుస్తకం చూసి ఆవిడకే చెప్పేవారు. మా రౌటర్ చేసేదీ అదే. ఇంటింటికీ ఒక లోపలి అడ్రస్ ఉంటుంది, అది బయట చెల్లదు. ఏ ఇంట్లోంచి ఏది బయటికెళ్లినా, రౌటర్ ఆ లోపలి అడ్రస్ తీసేసి మా పబ్లిక్ అడ్రస్ వేస్తుంది. దానికో పోర్టు నంబరు తగిలించి, ఫలానా నంబరు ఫలానా ఇంటిదని రాసుకుంటుంది. జవాబు ఆ నంబరుకే వస్తుంది, రౌటర్ చూసుకుని ఆ ఇంటికే పంపుతుంది."

"పని అయిపోయాక ఆ నంబరు?"

"ఇంకో ఇంటికి ఇచ్చేస్తుందండి. అందుకే టైము ముఖ్యం. ఏ టైముకి ఏ నంబరు ఎవరి దగ్గరుందో లాగ్ రాసిపెడతాం. పది నిమిషాల్లో చెప్పేస్తాను."

పది నిమిషాలు! ఎవరడిగారు నన్ను?

ఆయనిచ్చిన కాగితం కాపీలో టైము 13:20 అని ఉంది. ఆఫీసుకొచ్చి ఆ రోజు లాగ్ తెరిచాను. మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి ఆ పోర్టు ఒక స్కూలు వ్యాను డ్రైవరు ఇంటి దగ్గరుంది. ఆ నంబరుతో వెళ్లింది కూడా ఆ యాప్ కంపెనీకే. ఇంకేం కావాలి? ఎస్సై గారికి ఫోన్ చేసి పేరు చెప్పేశాను. ఇంట్లో వాళ్ల సొంత వైఫై డబ్బా కూడా మా రౌటర్ లాంటి పనే చేస్తుందనీ, దాని వెనకాల ఏ ఫోన్ అన్నది నాకు కనబడదనీ కూడా చెప్పలేదు. సగం తెలిసినట్టు కనబడతానని భయం.

ఆ డ్రైవరుకి యాభై దాటాయి. పదిహేనేళ్లుగా పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్తున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. నేనిచ్చిన వివరాల కింద సంతకం పెట్టడానికి వెళ్తే లేచి నిలబడ్డాడు. "ఆ టైముకి నేను స్కూలు దగ్గర వ్యానులో పడుకుని ఉన్నానండి. ఇంట్లో మా ఆవిడ ఫోన్‌లో ఆ యాప్‌లోనే లేసు వీడియోలు చూసుకుంటుంది, అంతేనండి," అన్నాడు.

"నువ్వేం భయపడకు, నిజమైతే అదే తేలుతుంది," అన్నాను. మా నాన్న వయసు మనిషిని నువ్వు అన్నాను.

మర్నాడు స్కూలు వాళ్లు వ్యాను తాళాలు తీసేసుకున్నారు.

ఆ తర్వాత రెండు రోజులకి ఎస్సై గారే మళ్లీ ఫోన్ చేశారు. "ఆ అమ్మాయి వాళ్ల అమ్మ ఒక మాటందయ్యా. మెసేజ్ వచ్చింది సాయంత్రం దీపం పెట్టే వేళట. ఫోన్‌లో కూడా ఆరూ యాభై అనే ఉంది. మరి నీది మధ్యాహ్నమేంటి?"

కాగితం తీశాను. 13:20 పక్కనే మూడు అక్షరాలు, యూటీసీ. అంటే ప్రపంచమంతా వాడే లెక్క టైము, మన టైము కాదు. మనకి ఐదున్నర గంటలు కలపాలి. కలిపితే సరిగ్గా ఆరూ యాభై. నాకు తెలియదా? తెలుసు! ఎదటివాడు మర్చిపోతే నవ్వేవాణ్ని. లాగ్‌లో ఆరూ యాభై దగ్గర చూశాను. అదే నంబరు, వేరే వీధిలో వేరే ఇల్లు. ఆ ఇల్లు చెప్పాక పోలీసులు వెళ్తే, అక్కడ దొంగ అకౌంటు పెట్టినవాడు ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడు.

ఎస్సై గారికి మాత్రం, "సిస్టంలో టైము తేడా వచ్చిందండి," అన్నాను. "మీ మిషన్లూ మీరూనూ," అని ఆయన ఫోన్ పెట్టేశారు. తప్పు మిషన్ మీదికి పోయింది, నాకు ఊపిరొచ్చింది. ఛీ, ఎంత నీచం!

ఆ ఆదివారం వ్యాను డ్రైవరు మా ఇంటికొచ్చాడు. సంచిలో రెండు చందువా చేపలు. బావమరిది వేటకెళ్లి తెచ్చాడట. "మీరు మళ్లీ చూసి చెప్పబట్టి బయటపడ్డానండి, లేకపోతే ఏమైపోయేవాణ్ణో," అని దండం పెట్టాడు. తల కొట్టేసినట్టయింది. అయినా సంచి అందుకున్నాను. మా ఆవిడ పులుసు పెడితే తిన్నాను.

వెళ్లేముందు ఒక్కటే అడిగాడు. "నా తప్పు లేదని మీ చేత్తో ఒక కాగితం రాసివ్వండి బాబూ. స్కూల్లో చూపిస్తే తాళాలు ఇస్తారేమో." రాసిచ్చాను. 'సాంకేతిక లోపం వల్ల పొరపాటున పేరు వచ్చింది' అని రాశాను. 'నేను టైము తప్పు చూశాను' అని రాయడానికి చెయ్యి రాలేదు.

స్కూలు వాళ్లు ఆ కాగితం చదివి, మిషన్ తప్పు చూపించిందో, ఇప్పుడు తప్పు చెబుతోందో ఎవరికి తెలుసు, పిల్లల బండి కదా, అన్నారట. కొత్త డ్రైవర్ని పెట్టుకున్నారు. ఆ వ్యాను రోజూ మా ఆఫీసు ముందు నుంచే వెళ్లేది. అది వచ్చే వేళకి నేను లోపలి గదిలోకి పోయేవాణ్ని.

నాలుగు నెలలు అలాగే దాక్కున్నాను. చివరికి ఇంకో కాగితం రాశాను. జరిగింది జరిగినట్టు, తప్పు నాదని, కింద సంతకంతో. ముందు స్కూల్లో ఇచ్చాను. "ఇది అప్పుడే రాసిస్తే తీసుకునేవాళ్లమే కదండీ," అంది హెడ్మిస్ట్రెస్ గారు. రెండో కాపీ పట్టుకుని రేవుకెళ్లాను. మనుషుల్నీ బళ్లనీ అవతలి ఒడ్డుకి చేర్చే పంటు మీద ఆ డ్రైవరు ఇప్పుడు తాళ్లు వేసే పనిలో ఉన్నాడు.

కాగితం మొత్తం నిలబడే చదివాడు. వేలు పెట్టుకుని రెండోసారి చదివాడు.

"నేను చేపలు తెచ్చిన రోజుకే ఇది మీకు తెలుసాండి?"

"తెలుసండి."

"తిన్నారా?"

"తిన్నానండి."

ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తిడతాడని చూశాను. తిడితే బాగుండునని చూశాను. "పక్కకి జరగండి, బళ్లు ఎక్కుతున్నాయి," అని తాడు విప్పడానికి వంగాడు.