రంగు పోయేవి

పాతికేళ్లుగా ఇంటర్ పిల్లలకి తెలుగు చెబుతున్నా. మాట అటూ ఇటూ అయితే సగం మార్కు కోసేదాన్ని. నాది నేను దిద్దుకోవాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

ఆ వారం పేపర్లు దిద్దే డ్యూటీ గుంటూరులో వేశారు. పొద్దున నరసరావుపేటలో బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే. ఇంట్లో పనికి కొత్తగా కుదిరినావిడ చేరి రెండు రోజులే అయింది. రెంటచింతల ఆవిడ, ఏడో తరగతి చదివింది, చర్చిలో వాక్యం చదివేది కూడా ఆవిడేనంట. చదువొచ్చు కదా, ఇంక భయమేంది అని వాషింగ్ మెషిన్ మీద కాగితం అంటించి పోయా.

"జేబులు చూడు. ప్యాంట్లు తిరగేసి వెయ్యి. తెల్లవి ఒకసారి, రంగువి ఒకసారి. రంగు పోయేవి మెషిన్లో వద్దు, విడిగా బకెట్లో. డ్రమ్ము నిండా కూరొద్దు. పొడి ఒక్క మూతే."

తెల్లవాటిలో మా అమ్మాయి యూనిఫారాలు రెండూ ఉన్నాయి. అది నర్సింగ్ చదువుతుంది. మర్నాడు ప్రాక్టికల్స్, బయటి కాలేజీ నుంచి మేడం వస్తుంది. మచ్చ కనపడితే వార్డులోకి రానివ్వరని వారం నుంచి అదే పాట.

మధ్యాహ్నం అన్నం వేళకి ఫోన్ చేశా. అన్నీ కాగితంలో ఉన్నట్టే చేశానని చెప్పింది. రంగు పోయేవన్నీ బకెట్లో నానబెట్టిందంట: నా నైటీ, మా ఆయన లుంగీ, పాత దుప్పటి. ఆ దుప్పట్లో పోవడానికి ఇంక రంగెక్కడుంది?

"మరి కొత్త తువ్వాలు?"

"ఎర్రంచుదా? అది తెల్లదేగా మేడం. తెల్లవాటిలో వేశా."

"దాని అంచు రంగు పోతుంది కదమ్మా."

"ఎక్కడ పోయింది? నిగనిగలాడతా ఉంటే."

మెషిన్ ఆపమన్నా. మూత తెరుచుకున్నాక ఏముందో చెప్పమన్నా. మెల్లగా, నీళ్లు రోజా పువ్వులా ఉన్నాయంది. తిడదామని నోటిదాకా వచ్చింది. తిడితే ఆవిడ ఫోన్ పెట్టేస్తుంది, అప్పుడు నా కూతురి గతేంది? మింగేశా. తువ్వాలు తీసి పారెయ్, ఆ నీళ్లన్నీ పోనీ, తెల్లవే మళ్లీ చన్నీళ్లతో తిప్పు, వేడినీళ్లు వద్దు, ఆరెయ్యొద్దు, తడిమీదే బకెట్లో ఉంచు అని ఒక్కొక్కటే చెప్పా. ఆరితే రంగు పట్టేస్తుంది మరి.

ఆ పూట ఎవరి పేపర్ ఎట్లా దిద్దానో దేవుడికే తెలియాలి. ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టినప్పుడల్లా చెయ్యి ఆగిపోయేది. బస్సు ఫిరంగిపురం దాటేదాకా కిటికీలో నాకు కనపడింది అమ్మాయి కాలరే.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి బకెట్ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"రేపు నేను నర్సునా, పెళ్లికూతుర్నా?" అంది.

మళ్లీ తిప్పినందుకు చానావరకు వదిలింది. కాలరూ జేబూ మాత్రం లేత గులాబీగా ఉన్నాయి. లోపలి కుట్టు దగ్గర పట్టీ చూశా, కాటనే, బ్లీచ్ పనికొస్తుందని ఉంది. ముందుగా అంచు లోపలివైపు ఒక చుక్క వేసి చూసి, బకెట్ నీళ్లలో ఒక్క మూత కలిపి, పావుగంట నానబెట్టా. ఆ పావుగంటలో నాలుగుసార్లు తొంగి చూశా. మూడుసార్లు జాడించాక ఒకటి తెల్లగా తేలింది. రెండోదానికి జేబు మొండికేసింది. ఒకటుంటే చాలు. ఫ్యాన్ కింద ఆరేసి, పొద్దున ఇస్త్రీ చేసి తొడిగి పంపా.

అమ్మాయి అటు పోగానే ఆవిడ ఇటు వచ్చింది. గుంటూరు బస్సు ఒకటి వదులుకుని మరీ నేను కాచుకునే ఉన్నా. అంత చదువొచ్చి, అంత చిన్న మాట అర్థం కాలేదా అని మొదలుపెట్టా.

ఆవిడ తన చీర కొంగు పట్టుకుని చూపించింది. ఒకప్పుడు నీలం.

"రంగు పోయేదంటే ఇది మేడం. దీనికి పోతంది. ఆ తువ్వాలుకి రంగు పోయేది కాదు, పక్కదానికి అంటేది. మీరు అంటేవని రాయాల్సింది."

కర్తా కర్మా, వర్తమానమూ భవిష్యత్తూ, పాతికేళ్ల వ్యాకరణమంతా వెతికా. ఆవిడ తప్పు దొరకలేదు.

"అంటేదో లేదో చూసేదెట్లా మరి?" అన్నా, ఓడిపోవడం ఇష్టంలేక.

తడిపిన తెల్లగుడ్డతో లోపలివైపు రుద్దితే గుడ్డే చెబుతుందంది. అదీ నా కాగితంలో లేదు.

ఎర్ర పెన్ను తెచ్చి "పోయేవి" కొట్టేసి "అంటేవి" అని దిద్దా. గుడ్డ సంగతి కింద రాస్తుంటే అమ్మాయి ఫోన్ చేసింది. ఆవిడా చేతిలో చీపురు వదిలి దగ్గరికొచ్చింది.

"లోపలికి పంపారమ్మా. ఆ మేడం డ్రెస్సు చూడనే లేదు. గోళ్లు చూసింది."

"గోళ్లు తీసుకున్నావా?" అన్నా, కాగితం వదిలేసి.