తిరుమల్ వేసుకున్న ఐదు, సుకన్య వేసిన రెండు

మార్చి ఆఖరి గురువారం పొద్దున సుకన్య చేతిలో ఉన్న అప్రైజల్ ఫారంలో ఆరు అంశాలున్నాయి. తిరుమల్ ఆరింటికీ తనకు తాను ఐదుకు ఐదు వేసుకున్నాడు. సుకన్య వేసినవాటిలో మూడు చోట్ల రెండు, రెండు చోట్ల మూడు, ఒక్కచోట నాలుగు. సగటు రెండున్నర పైన కాస్త.

సుకన్యకు నలభై ఏడేళ్లు. వెస్ట్ మారేడ్‌పల్లిలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు మేనేజర్. పుట్టింది, ఉంటున్నది చిలకలగూడలోనే. ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, మైక్రోస్కోప్ ముందు నుంచి మేనేజర్ కుర్చీలోకి రావడానికి ఆమెకు ఇరవై ఏళ్లు పట్టింది. మెషిన్ ఆగిపోయినా, రిపోర్టు ఆలస్యమై పేషెంటు బల్ల గుద్దినా గొంతు పెంచదు. ఆమెకు చేతకానిదల్లా ఎదుటి మనిషి తప్పు మొహం మీద చెప్పడం. తప్పు కనబడితే తనే సర్దేసి ఊరుకుంటుంది. స్టాఫ్ దాన్ని మంచితనం అంటారు.

తిరుమల్ ఆ సెంటర్లో రక్తం తీసేవాళ్లందరిలో సీనియర్. నరం దొరకని ముసలివాళ్లకు, ఏడ్చే పిల్లలకు ఒక్క గుచ్చుతో పని ముగిస్తాడు. అతని కోసమే వచ్చేవాళ్లున్నారు. ఏ.ఎస్. రావు నగర్‌లో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. అక్కడ రక్తం తీసే విభాగాన్ని చూసుకునే కలెక్షన్ ఇన్‌ఛార్జి పోస్టు అతనికి కావాలి. దానికి సగటు రేటింగ్ కనీసం నాలుగుండాలి. ఆ బ్రాంచి ఇంటి నుంచి పది నిమిషాల దూరమని, భార్య ప్రేమమణి అప్పుడే పిల్లల స్కూలు గురించి కనుక్కుంటోందని సెంటర్లో అందరికీ చెప్పాడు.

పరగడుపు రద్దీ తగ్గాక, పదకొండు దాటిన తర్వాత సుకన్య అతన్ని పిలిచింది. ఆమె క్యాబిన్ గాజుది, బయట నుంచి అంతా కనిపిస్తుంది. అందుకని ఈసీజీ గదిలో కూర్చున్నారు. ఆమె పరుపు అంచు మీద, అతను స్టూలు మీద.

ముందు తన మార్కులు చూపించకుండా, అతను వేసుకున్నవాటి గురించి అడిగింది. అన్నిటికీ ఐదు ఎందుకేసినవ్ అంటే తిరుమల్ నవ్వాడు.

"వరహాలబాబు సార్ ఉన్నప్పుడు ఐదు వేస్తే మూడున్నర చేస్తుండె మేడమ్. మూడు వేసినోనికి రెండే. జనరల్ బజార్ల బేరం లెక్కనే. మీరు సుత జెర కోస్తరని నిండుగ వేసిన."

వరహాలబాబు అంతకుముందు మేనేజర్. ఆయన వెళ్లి ఏడాది దాటింది.

"నేను కొయ్యలేదు తిరుమల్. నీవి చూడకముందే నావి వేసిన," అని సుకన్య తన కాగితం అతని వైపు తిప్పింది.

అతని నవ్వు ఆగింది. కాగితం అందుకుని చూశాడు. పేషెంట్లు తన పేరు చెప్పి అడుగుతారని, పండగ రోజు కూడా సెలవు పెట్టలేదని, పని నాణ్యతలో రెండు వేస్తే ఇంక ఎవరికి నాలుగు వస్తుందని అడిగాడు. గొంతు పెద్దది కాలేదు కానీ మాటలు వేగంగా వచ్చాయి. సుకన్య మధ్యలో ఆపలేదు. అతను చెప్పినవి నిజమేనని, అందుకే పేషెంట్లతో వ్యవహారం దగ్గర నాలుగు వేశానని చెప్పింది. తర్వాత అసలు విషయానికి వచ్చింది.

రక్తం తీయగానే, పేషెంటు ముందే, పేరు అడిగి ట్యూబు మీద లేబుల్ అంటించాలి. రద్దీలో తిరుమల్ ముగ్గురు నలుగురికి తీసి, ట్యూబులు ట్రేలో వరసగా పెట్టుకుని, చివర్లో అన్నిటికీ కలిపి అంటిస్తాడు. వరస గుర్తుంటుందని అతని ధీమా. ఆ ఏడాదిలో నాలుగుసార్లు ట్యూబు మీద పేరుకు, స్లిప్ మీద పేరుకు పొంతన లేదని ల్యాబ్ తిప్పి పంపింది. నలుగురిని మళ్లీ పిలిపించి రక్తం తీయించారు. అందులో చిలకలగూడ విమలమ్మ ఒకరు.

తిరుమల్ కాగితం కింద పెట్టాడు. విమలమ్మ అతని కోసమే వచ్చే పేషెంటు. ఎనభై దాటిన మనిషి, నరాలు దారాల్లా ఉంటాయి.

"ఆమెను రెండోసారి గుచ్చింది నా వల్లనా? రక్తం గడ్డ కట్టిందని అన్నరు గదా కౌంటర్ల."

"నేనే అట్ల చెప్పమన్న."

"నాకెందుకు చెప్పలే మేడమ్? మొదటిసారే చెప్తే మూడుసార్లు ఆగుతుండె గదా."

పొద్దున రద్దీలో చెప్పలేకపోయానని, మధ్యాహ్నానికి విషయం సర్దుకుపోయేదని సుకన్య అనవచ్చు. అనలేదు. "చెప్పకపోవుడు నా తప్పు," అంది. "కానీ రెండు మాత్రం రెండే. నాలుగు ట్యూబులు తిరిగొచ్చినయ్. నేను చెప్పలేదని దాన్ని మూడు చేస్తే, కొత్త బ్రాంచిల పదిమందికి నువ్వు ఇదే పద్ధతి నేర్పుతవ్."

అతను ఇంకో గడి మీద వేలు పెట్టాడు. జూనియర్లకు నేర్పడం దగ్గర రెండు వేశారు, అదెట్లా అన్నాడు. రాధికకు, విశ్వతేజకు పసిపిల్లల నరం పట్టడం తనే నేర్పానన్నాడు. ఆదివారాలు నేర్పానన్నాడు. ఆదివారం సుకన్యకు సెలవు. ఆమెకు ఆ సంగతి తెలియదు. వాళ్లను అడిగి చూస్తానని, నిజమైతే మారుస్తానని చెప్పింది. ఆ రోజు సంతకం అక్కర్లేదని, సాయంత్రం కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకొమ్మంది.

మధ్యాహ్నం రాధికను పిలిచింది. ఆమె చెప్పింది విని విశ్వతేజను కూడా విడిగా అడిగింది. ఇద్దరూ ఒకటే చెప్పారు. ఆ గడిలో రెండు కొట్టేసి నాలుగు వేసి, పక్కన కారణం రాసింది. సగటు సరిగ్గా మూడయింది. ఏ.ఎస్. రావు నగర్ పోస్టుకు మూడు చాలదు. ఆ మాట తనే తిరుమల్‌కు చెప్పింది, వేరేవాళ్లతో చెప్పించలేదు. మర్నాటి నుంచి వారం రోజులు పొద్దున అతని పక్కనే నిలబడతానని, మూడు నెలల తర్వాత మళ్లీ కూర్చుందామని చెప్పింది. అతను సరే అన్నాడు గానీ ఆ పూట టీకి అందరితో కలిసి రాలేదు.

సోమవారం సంతకం చేసి ఇచ్చాడు. ఉద్యోగి అభిప్రాయం రాసే చోట రెండు వాక్యాలున్నాయి. లేబుళ్ల సంగతి ఏడాదిలో నాకు ఎవరూ చెప్పలేదు. అప్రైజల్ రోజే తెలిసింది.

ఫారం పంపిన మర్నాడు హెడ్డాఫీసు నుంచి హెచ్‌ఆర్ అనుపమ ఫోన్ చేసింది. ఆ రెండు వాక్యాలు మేనేజర్ మీద కంప్లయింట్‌లా ఉన్నాయని, ఇంకో ఫారం ఇచ్చి అవి లేకుండా రాయించుకొమ్మని మంచి మాటగానే చెప్పింది. వచ్చే వారం మీ అప్రైజల్ కూడా ఉంది కదా మేడమ్, అని గుర్తు చేసింది.

"ఉన్నదే రాసిండు," అంది సుకన్య. "ఉండనియ్యండి."

మరుసటి వారం ఆమె పై అధికారి ఆ వాక్యాలు చదివి వినిపించాడు. టీమ్‌ను నడిపించడం దగ్గర ఆమె తనకు వేసుకున్నది మూడు, ఆయన వేసింది రెండు. ఆమె ఒప్పుకుని సంతకం పెట్టింది.

కొత్త బ్రాంచి పోస్టు మేలో వేరే సెంటర్ నుంచి వచ్చిన మనిషికి వెళ్లింది. తిరుమల్ రాజీనామా చేస్తాడని కౌంటర్లో అనుకున్నారు. చేయలేదు. ఒక్కో పేషెంటుకు ఇప్పుడు అర నిమిషం ఎక్కువ తీసుకుంటున్నాడు. లైన్ పెరిగితే సుకన్యే బయటికొచ్చి పేషెంట్లకు కారణం చెప్పుకుంటోంది. విషయం ఏదైనా అదే రోజు, మధ్యాహ్నం భోజనం లోపు చెప్పేయాలని తనకు తాను ఒక నియమం పెట్టుకుంది.

జూలై మొదటి వారం ఇద్దరూ మళ్లీ ఈసీజీ గదిలో కూర్చున్నారు. ఈసారి తిరుమల్ పని నాణ్యత దగ్గర తనకు మూడు వేసుకున్నాడు. సుకన్య కూడా మూడే వేసింది. ఆ మూడు నెలల్లో పేరు తేడాతో తిరిగొచ్చిన అతని ట్యూబు ఒక్కటే.