మంజుల ఇంటి టీవీలో ఆగిపోయిన గొంతు

మంజులకు చూపు వచ్చిందని మా ఇబ్రహీంపట్నం గల్లీలో అందరూ చెప్పుకుంటున్నారు. రాలేదు. ముందు ఆ మాట తేల్చి, మిగతాది తర్వాత చెబుతాను.

ఈ మాట పుట్టించింది ఎదురింటి స్వరాజ్యం. ఆదివారం పెరుగు తోడు కోసం మంజుల ఇంటికి వెళ్లిందట. ఇంటిల్లిపాదీ సినిమా చూస్తున్నారట. మంజుల కూడా వాళ్ల మధ్య కూర్చుని నవ్వుతోందట.

"టీవీల ఆమెకు బొమ్మ చెప్పే గొంతు లేదు, ఏం లేదు. కండ్లు కనవడకుంటె ఎట్ల నవ్వుతది? చూపొచ్చింది గని మనకు ఉత్తగనె నాటకం చేస్తున్నది" అని నల్లా దగ్గర నలుగురికీ చెప్పింది. ఆ నలుగురూ ఊరుకుంటారా?

మంజుల సిటీ అంచున ఉన్న మీర్‌పేట్ పిల్ల. ఇక్కడికి కోడలై వచ్చి జాకెట్లు కుట్టేది. నా కొలత ఆమె చేతికే తెలుసు, టేపు ముట్టేది కాదు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. దవాఖానకు వెళ్లేసరికి ఆలస్యమైంది. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. ఇప్పుడు ఆ కుట్టు మిషను మీద ఉతికిన బట్టలు కుప్ప పోస్తున్నారు.

ఆమెకు సినిమాలంటే ప్రాణం. ఇంటర్ చదివే కూతురు లిఖిత నిరుడు టీవీ యాప్‌లో ఒకటి కనిపెట్టింది. సినిమాలో ఎవరూ మాట్లాడని సందు చూసుకుని ఒక గొంతు వచ్చి, తెర మీద ఏం జరుగుతోందో చెబుతుంది. అన్ని సినిమాలకూ ఉండదు. హిందీలో కొన్నింటికి దొరికింది. మీర్‌పేట్‌లో పెరిగింది కాబట్టి మంజులకు హిందీ బాగానే వచ్చు. మొదటి రోజు, ఈ గల్లీలో పెద్దలకు పెద్దమ్మను, పిల్లలకు నానమ్మను అయిన నేను ఆమె పక్కనే ఉన్నాను.

"పెద్దమ్మా, హీరోయిన్ పచ్చ చీర కట్టిందంట! జరీ అంచంట!" అని నా మోకాలు మీద చరిచి మరీ చెప్పింది.

మరిది ధర్మేందర్ మాత్రం మొహం చిట్లించాడు. "వదినా, మాకు కండ్లున్నయి గద. మాగ్గుడ చెప్పుడెందుకు?" అన్నాడు. ఆమె నవ్వేసింది.

అంత ఇష్టమైన గొంతు ఎటు పోయినట్టు? కనుక్కోకపోతే నాకు ముద్ద దిగదు. ఇది మొగుడు దేవేందర్ పనే అనుకున్నాను. కొంగరకలాన్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వస్తుంటే గల్లీ మొదట్లోనే పట్టుకున్నాను.

"ఏందిరా, పెండ్లాం సినిమా చూస్తె నీకేడ నొచ్చింది? ఆ గొంతు ఎందుకు బంద్ చేసినవ్?"

"నేను తీసింది అక్షరాలు పెద్దమ్మా. తలుపు చప్పుడైంది, ఏడుస్తుంది అని కింద పడ్తుంటయి గద, అవి. మొఖాలకు అడ్డమొస్తున్నయని తీసేసిన. గొంతును ముట్టనే లేదు."

"రెండు ఒక్కటి కాదా?"

"కాదు. ఒక్క తాననె ఉంటయి గని దేని లిస్టు దానిదే. సబ్‌టైటిల్స్ కింద ఆఫ్ నొక్కితె అక్షరాలే పోతయి. గొంతు పోవాల్నంటె ఆడియో కింద వేరేది నొక్కాలె. నన్నెందుకు తిడ్తవ్?"

అబద్ధం చెప్పే మొహం కాదు వాడిది. నేరుగా వాళ్లింటికే వెళ్లాను. మంజుల కింద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. లిఖిత టీవీ ముందు ఉంది.

"ఏదీ, ఆ గొంతు మల్ల పెట్టు బిడ్డా. నేను చూస్త" అన్నాను.

లిఖిత నడుస్తున్న సినిమాను ఆపి, ఆడియో, సబ్‌టైటిల్స్ అన్న చోటు తెరిచింది. ఆడియో కింద హిందీ అన్న దానికి టిక్కు ఉంది. దాని కిందే ఇంకో హిందీ, పక్కన ఆడియో వివరణ అని ఉంది.

"గదే గద? నొక్కు మరి."

పిల్ల వేలు రిమోట్ మీదే ఆగిపోయింది. తల్లి వైపు చూసింది.

"నేనే మార్చిన నానమ్మా. అమ్మనే తీసెయ్యుమన్నది. ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టు గుడ పెట్టించుకున్నది" అంది. కళ్ల నిండా నీళ్లు.

  మంజుల పక్కనే కూలబడ్డాను.

"ఎందుకే? అది ఉంటెనే గద నీకు బొమ్మ తెలిసేది. అది లేకుంట ఏం చూసి నవ్వుతున్నవ్? గల్లీ గల్లీ నిన్ను నాటకాలదంటున్నది, ఎరుకేనా?"

మంజుల వెల్లుల్లి పాయ ఒలవడం ఆపలేదు.

"వీళ్లు నవ్వంగనె నవ్వుతున్న పెద్దమ్మా. గొంతు ఉన్నన్ని దినాలు నాకు సినిమా అంత కనవడ్డట్టే ఉండె. గని అది మొదలు కాంగనె ఒక్కొక్కలు లేచి బయటికి పోతుండ్రి. సోఫా మీద నేనొక్కదాన్నే మిగుల్తుంటి. ఇప్పుడు అందరు కూసుంటున్నరు. సినిమా కనవడకపోతె మానె."