సుద్ద గీత

హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగానికని లింగంపల్లి దర్జీ దగ్గర ప్యాంటు కుట్టించాను. నడుము ముప్పై రెండు, కాలు లోపలి పొడవు ముప్పై. కింద అంచు మడవడమే మిగిలింది.

ఆఫీసు బూట్లేసుకుని, కడుపు లోపలికి లాక్కుని, ప్యాంటు బొడ్డుదాకా ఎగలాగి అద్దం ముందు నిలబడ్డాను. బూటు మడమ పైన గీత పెట్టమన్నాను. సుద్దతో పెట్టాడు, కానీ కత్తెర తీయలేదు.

"జర స్టేషన్ దాక నడిచి రా తమ్మీ."

ఒళ్ళు మండింది. విసురుగా వెళ్ళొచ్చాను. ఈలోగా కడుపు వదులైంది, ప్యాంటు తన చోటికి జారింది, సుద్ద గీత నేలను తాకుతోంది.

దర్జీ దాన్ని దులిపేసి, రెండు వేళ్ళంత పైకి కొత్త గీత గీశాడు.

"ఇందాక నిలబడ్డది ఎవరో," అన్నాడు. "ఇగ నువ్వొచ్చినవ్."