షెడ్డులోని పిల్లి

ఆ వీధిలో ఎవరింట్లో కుట్టుమిషను మొరాయించినా "మిషన్ తాతను పిలవండి" అనేవారు. ఆ పేరు ఎంతగా అంటుకుపోయిందంటే, అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే ఆయనే ఒక క్షణం వెనక్కి తిరిగి చూసేవాడు. చక్రాన్ని ఒకసారి తిప్పి చెవి ఒగ్గి వింటే చాలు, దారం ఎక్కడ తెగుతోందో, సూది ఎందుకు విరుగుతోందో ఆయనకు తెలిసిపోయేది. ఇనుము అబద్ధం ఆడదురా అని కొడుకుతో తరచూ అనేవాడు.

భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశాడు. ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డే ఆయన పనిచోటు. కొడుకూ కోడలూ అటు తొంగి చూసేవారు కాదు. నూనె డబ్బాలు, విప్పిపెట్టిన మిషను తలలు, ఓ మూల మోకాలెత్తున గుడ్డపీలికల కుప్ప. కొడుకు సరుకుల వ్యాను నడుపుతాడు. కోడలు బట్టల దుకాణంలో పనిచేసి పొద్దుగూకే వేళకు వస్తుంది. బడి వదిలాక మనవరాలు బుల్లి తాత దగ్గరే. ఆరేళ్ల పిల్ల. పీలికల కుప్ప మీద బాసింపట్టు వేసుకుని దారం చుట్టే ఖాళీ బాబిన్లన్నీ వరసగా పేర్చుకునేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం తడిసి ముద్దయిన బూడిదరంగు పిల్లి ఒకటి షెడ్డులోకి దూరింది. తాత కసిరాడు. అది ఆయన వంక చూసి, ఇల్లు తనదే అన్నట్టు పీలికల మీద ముడుచుకుని పడుకుంది. సాయంత్రానికి బుల్లి దానికి బాబిన్ అని పేరు కూడా పెట్టేసింది.

చిక్కల్లా కోడలితోనే. చిన్నప్పుడు పిల్లి కరిచి ఆమె చెయ్యి వాచిపోయిందట. ఇంట్లోకి జంతువు అన్నది రాకూడదని పెళ్లయిన కొత్తలోనే చెప్పేసింది. తాతకు ఆ సంగతి తెలుసు. కానీ పొద్దంతా ఇనుముతో గడిపే మనిషికి ఒళ్లో వెచ్చగా ఓ ప్రాణం గుర్రుమంటుంటే దాన్ని వదులుకోవాలనిపించలేదు.

"అమ్మకి చెప్పకే బుల్లీ. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అన్నాడు.

బుల్లి పెదవుల మీద వేలు పెట్టుకుని తల ఊపింది. అప్పటిదాకా ఆ పిల్లకు అంత పెద్ద బాధ్యత ఎవరూ అప్పగించలేదు మరి. మురిసిపోయింది.

కొన్నాళ్లకు బుల్లి పిక్కల మీద దద్దుర్లు లేచాయి. మోకాళ్ల కింద మూడూ నాలుగూ గుంపుగా, ఎర్రగా, గట్టిగా, కొన్నిటి నడినెత్తిన ఆవగింజంత నీటిబొట్టుతో. పిల్ల గోకేది, నెత్తురొచ్చేది, చెక్కు కట్టేది. అవి నల్లటి మచ్చలై మానుతున్నాయి అనుకునేసరికి పక్కన కొత్తవి లేచేవి. వాటితోపాటు పాతవి కూడా మళ్లీ ఉబ్బి దురద పెట్టేవి.

కోడలు ముందు గుడ్డు మానిపించింది. తగ్గలేదు. వంకాయ మానిపించింది, పల్లీలు మానిపించింది, చివరికి పాలూ ఆపేసింది. పిల్ల ముఖం పీక్కుపోయింది గానీ కాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అంటుకుంటుందేమోనని బళ్లో పంతులమ్మ బుల్లిని విడిగా కూర్చోబెట్టింది. పక్కింటావిడ, పిల్లకు రోజూ నీళ్లు పోస్తున్నావా లేదా అని కోడల్ని మొహమ్మీదే అడిగింది. కొడుకు కూడా ఒకరోజు విసుగ్గా, ఇల్లు శుభ్రంగా ఉంచితే ఇవన్నీ ఎందుకొస్తాయి అన్నాడు. కోడలు ఆ వారమంతా పని నుంచి వచ్చాక గదులన్నీ కడిగి, దుప్పట్లు ఉడకబెట్టి ఉతికింది. తాత అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

చివరికి పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. తాతా వెంట వెళ్లాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని బుల్లి కాళ్లు అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ల సందులు, పొట్ట, వీపు చూసింది. ఎక్కడా ఏమీ లేవు, కాళ్లే.

ఇది తిండి వల్ల వచ్చింది కాదని, అంటుకునేదీ కాదని చెప్పింది. పురుగు కుట్టినప్పుడు దాని ఉమ్మి చర్మంలోకి దిగుతుందట. ఈ వయసు పిల్లల్లో కొందరి ఒళ్లు దాని మీద అతిగా తిరగబడుతుందట. దీన్ని పాప్యులర్ అర్టికేరియా, అంటే పురుగుకాటు దద్దుర్లు, అంటారంది.

"మరి మేమంతా ఒకే ఇంట్లో ఉంటున్నాం కదండీ. మాకెవరికీ లేదేం?" అంది కోడలు.

"మిమ్మల్నీ కుడుతూనే ఉంటాయమ్మా. మీ ఒళ్లు పట్టించుకోదు, అంతే. పెద్దయ్యేకొద్దీ పాపకూ తగ్గిపోతుంది. అందాకా అవి కుట్టకుండా చూసుకోవాలి. దోమలా, నల్లులా, ఇంకేమైనానా అన్నది వెతకండి. ఇంట్లో కుక్కగానీ పిల్లిగానీ ఉందా?"

"లేవండి" అంది కోడలు, తడుముకోకుండా.

బుల్లి తాత వైపు చూసింది. తాత గోడ మీది టీకాల బొమ్మ వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టవుతుందని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పాప పెదవులు బిగించి తల దించుకుంది.

దారి పొడుగునా ఆయన తనకు తాను నచ్చచెప్పుకున్నాడు. పొద్దస్తమానం పిల్లి ఉండేది నా ఒళ్లో. నాకు ఒక్క దద్దురు లేదు. దానివల్లే అయితే ముందు నాకు రావద్దూ? డాక్టరమ్మ అప్పుడే చెప్పిన మాట చెవిన పడనట్టే ఈ లెక్క వేసుకున్నాడు.

కోడలు మాత్రం చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. కిటికీలకు జాలీ కొట్టించింది. దోమతెర కట్టింది. పరుపు కుట్ల వెంట దీపం పట్టుకుని నల్లుల కోసం వెతికింది. ఎండలోనూ బుల్లికి కాళ్లు కప్పే పైజామా వేసింది. గోళ్లు కత్తిరించింది. దురద పుట్టినప్పుడల్లా గోకనీయకుండా చల్లటి తడిగుడ్డ వేసింది. గుడ్డూ పాలూ మళ్లీ పెట్టింది. అయినా బుల్లి బడి నుంచి వచ్చి షెడ్డులో పైజామా పైకి మడుచుకుని, పీలికల మీద, పిల్లి పక్కన కూర్చునేది.

సెలవుల్లో బుల్లి మేనత్త ఇంటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి కాళ్లు నున్నగా ఉన్నాయి. మచ్చలే తప్ప ఒక్క కొత్త దద్దురు లేదు. అందరూ నీళ్లు మారి తగ్గిందన్నారు. తాత కూడా అవునన్నాడు. వారం తిరక్కుండా కొత్తవి లేచాయి, పాత మచ్చలన్నీ వాటితో కలిసి పొంగాయి. ఆరోజు తాత పిల్లి మెడ మీది బొచ్చు పాయ తీసి చూశాడు. గోధుమరంగు చుక్క ఒకటి కదిలి, ఎగిరి గెంతి మాయమైంది. ఆయన పాయ మూసేసి, పని మీద కూర్చున్నాడు.

ఇక తెలియదు అనుకోవడానికి వీల్లేదు. చెబుదామని రోజూ అనుకునేవాడు. ఇన్నాళ్లు దాచి ఇప్పుడు చెబితే కోడలు ఏమంటుంది? పిల్లిని ఎక్కడ వదిలేయమంటుంది? మింగలేక కక్కలేక రోజులు దొర్లించాడు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. బుల్లి గోకిన పుండొకటి చీము పట్టింది. చుట్టూ ఎర్రగా వాచి, తేనెరంగు చెక్కు కట్టి, పిల్లకు జ్వరం వచ్చింది. నడవలేకపోయింది. తండ్రి ఎత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి తెచ్చాడు, కోడలూ తాతా వెంట వచ్చారు.

డాక్టరమ్మ పుండు తుడుస్తుంటే బుల్లి ఏడుపు ఆపుకుంటూ తాత చొక్కా పట్టుకుంది. ఇంట్లో ఏదో ఇంకా కుడుతూనే ఉందమ్మా, వెతికారా అని ఆమె మళ్లీ అడిగింది. ఎక్కడా వదల్లేదండీ, నావల్ల కావడం లేదు అని కోడలు తల పట్టుకుంది.

"పిల్లి ఉందండీ. వెనక షెడ్డులో. నేనే పెంచుతున్నాను" అన్నాడు తాత.

కోడలు ఆయన వైపు చూడలేదు. బుల్లి వైపు చూసి, "నీకు తెలుసా?" అని అడిగింది. బుల్లి ముందు తాత ముఖం చూసి, తర్వాత తల ఊపింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. పిల్లి బొచ్చులో ఉండే గెంతే పురుగులే కుడుతున్నట్టున్నాయని, అవి ఎగిరితే మనిషి పిక్కల దాకానే అందుతాయని, అందుకే అన్నీ మోకాళ్ల కిందే లేచాయని చెప్పింది. పుండుకూ జ్వరానికీ మందులు, దురదకు పడుకునే ముందు వేసే సిరప్పు, దద్దుర్లకు కొద్దిరోజులు రాసే పూత రాసిచ్చింది. పిల్లిని వదిలేయాలా అని తాత అడగలేక అడిగాడు.

"అక్కర్లేదండీ. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లులకని చేసిన చుక్కలమందు మెడ మీద వేస్తారు. కుక్కల మందు మాత్రం వేయకండి, పిల్లికి విషం. అది పడుకునే గుడ్డలు తీసేసి, చోటంతా శుభ్రం చేయండి. ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే అప్పుడే అయిపోయేది."

ఆఖరి మాట ఆమె మామూలుగానే అంది. తాతకు మాత్రం అది లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. పిల్లిని వదిలేయాల్సి వస్తుందని అన్నాళ్లు నోరు మూసుకున్నాడు, తీరా ఆ అవసరమే రాలేదు.

ఇంటికొచ్చాక కోడలు వంటింటి గడప దగ్గర ఆగి, నెమ్మదిగా అంది.

"పిల్లి ఉన్నందుకు కాదు మావయ్యా. అన్నాళ్లు నా చేత్తో పిల్ల నోటి దగ్గరి తిండి లాగేశాను. అందరూ నన్ను అంటుంటే మీరు పక్కనే కూర్చున్నారు."

తప్పయిందమ్మాయ్ అన్నాడు. ఆమె నీళ్లు కాచడానికి లోపలికెళ్లింది.

పీలికల కుప్పనంతా సంచుల్లో బిగించి పారేశారు. షెడ్డు నేల పగుళ్లు, బల్ల కాళ్ల సందులు తాత రోజూ ఊడ్చి, చెత్త బయట పారేసి వచ్చేవాడు. కుర్చీ గుడ్డలు వేడినీళ్లలో ఉతికాడు. పిల్లికి చుక్కలు వేయించాడు. అయినా కొన్ని వారాలు ఒకటీ అరా లేచాయి. పగుళ్లలో గూళ్లు కట్టుకుని ఉన్నవి బయటికొచ్చేదాకా అంతేనని పశువుల డాక్టరు ముందే చెప్పాడు. తర్వాత ఆగిపోయాయి. పిక్కల మీద నల్లమచ్చలు మాత్రం మిగిలాయి. నెలలు పడుతుంది, పోతాయి అన్నారు. బుల్లి ఆ మాట నమ్మక, ఎంత ఉక్కగా ఉన్నా మేజోళ్లు విప్పేది కాదు.

పంతులమ్మ దగ్గరికి తాతే వెళ్లి, ఇది అంటుకునేది కాదని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూపించాడు. పక్కింటావిడకూ చెప్పాడు, తప్పు తనదని. చెప్పడం తేలికే అయింది. ఇంత తేలికైనది అప్పుడెందుకు చేయలేకపోయానా అని తిరిగొస్తూ కుమిలిపోయాడు.

మరికొన్నాళ్లకు బుల్లి బడి నుంచి కుంటుతూ వచ్చింది. ఆటలో పడి మోకాలు చెక్కుకుపోయింది. మేజోడు మీదికి లాగి కప్పేసి, షెడ్డు తలుపు దగ్గర నిలబడి గుసగుసగా, "అమ్మకి చెప్పకు తాతయ్యా. మనిద్దరి మధ్యే" అంది.

తాత చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. పిల్ల ఎంత నేర్పుగా దాచిందో, ముఖంలో నొప్పి కూడా కనపడనీయకుండా ఎలా నిలబడిందో చూశాడు. పుస్తకాల్లో లేని ఈ విద్య ఎవరి దగ్గర నేర్చిందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నేనప్పుడు చెప్పొద్దన్నది తప్పే తల్లీ. దెబ్బ దాచకూడదు. పద, అమ్మ వచ్చే వేళయింది."

"మరి అమ్మ తిడితే?"

"నేనూ పక్కనే ఉంటాగా."

బుల్లి నమ్మీనమ్మనట్టు ఆయన వేలు పట్టుకుంది. కోడలు వచ్చి మేజోడు జారదీసి, గాయం కడిగి మందు రాసింది. ఎవరినీ ఏమీ అనలేదు. రాస్తున్నంతసేపూ బుల్లి తల్లి ముఖం కాక తాత ముఖమే చూస్తూ ఉంది, ఇప్పుడేం చెప్పాలో ఆయనే చెప్పాలన్నట్టు.