పావు సెకను నూనె

సింగపూర్‌లో, యూ టీ పేటలో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో ఆ ఏడాది వంట నాది. క్లోమం వాచి నా భార్య రెండుసార్లు ఆసుపత్రి పాలైంది. రోజుకు ఇరవై గ్రాములకు మించి కొవ్వు తినకూడదని, మించితే ఆ నొప్పి మళ్ళీ రావచ్చని డాక్టరు చెప్పాడు. నేను నూనె సీసా తీసేసి, అమెరికా నుంచి వచ్చే వంటనూనె స్ప్రే డబ్బా కొన్నాను. దానిమీద కొవ్వు సున్నా, కేలరీలు సున్నా అని ఉంది. సున్నాయే కదా అని ధారాళంగా కొట్టేవాణ్ణి.

రెండు నెలల తర్వాత రక్తపరీక్ష చేస్తే కొవ్వు అంకె తగ్గలేదు.

"ఆఫీసులో ఏం తింటున్నావు?" అన్నాను.

"మీరు కట్టిచ్చిందే."

"హాకర్ సెంటర్ తిండి కొట్లలో?"

"కాఫీ కూడా పాలు లేకుండా తాగుతున్నా. నోరు వాసన చూస్తారా?"

ఆమె నవ్వించాలని చూసింది. నేను నవ్వలేదు. నమ్మనూ లేదు.

ఇంట్లో వాడే డబ్బాలన్నీ తెమ్మని ఆసుపత్రి డైటీషియన్ చెప్పింది. ఇక్కడే పుట్టిన తమిళమ్మాయి. మేమిద్దరం అవి తీసుకెళ్తే, స్ప్రే డబ్బా నా చేతికిచ్చి, "ఒక దోసెకి ఎంతసేపు నొక్కుతారో చూపించండి సార్" అంది. మూత తీయకుండానే ఇంట్లో పెనం మీద తిప్పినట్టు తిప్పాను. ఆమె గడియారం చూసింది.

"నాలుగు సెకన్లు. వీళ్ళు లెక్కగట్టిన వాడకం ఎంతో చదవండి."

చిన్న అక్షరాల్లో పావు సెకను అని ఉంది. అందులో నూనె పావు గ్రాము, రెండు కేలరీల పైచిలుకు. ఒకసారి వాడకంలో కొవ్వు అర గ్రాముకు, కేలరీలు ఐదుకు తక్కువైతే సున్నా అని రాసుకోవచ్చట, అమెరికా నిబంధన. నా నాలుగు సెకన్లంటే పదహారు సున్నాలు. దోసెకు నాలుగు గ్రాముల నూనె. పొద్దున మూడు దోసెలకే పన్నెండు గ్రాములు. ఆపైన కూరలు.

"పావు సెకను కొడితే దోసె పెనం నుంచి ఊడొస్తుందా?" అంది నా భార్య.

"ఎక్కడొస్తుంది లా!" అని ఇక్కడి యాసలో నవ్విందా అమ్మాయి.

నేను బ్యాంకు ప్రోగ్రాములు రాసేవాణ్ణి. అన్నీ కూడిన తర్వాతే చివరి దశాంశాలు సవరించాలి, ముందే సవరిస్తే మొత్తం తప్పుతుందని కొత్తవాళ్ళకు చెప్పింది నేనే. డబ్బా మీద ముందే సవరించేశారు. అది నాకు తట్టలేదు. అంతకంటే సులువైన అనుమానం ఒకటి దొరికింది నాకు.

ఆ రోజు నుంచి చెంచాతో కొలిచి నూనె వాడాను. తర్వాతి పరీక్షలో అంకె దిగింది. ఆ కాగితం పట్టుకుని రైల్లో కూర్చున్నప్పుడు, "నిన్ను అనవసరంగా..." అని మొదలుపెట్టాను.

"డబ్బా చేసిన పనికి మీరేం చేస్తారండీ" అంది.

ఆ మాట నాకు హాయిగా ఉండి అక్కడితో ఊరుకున్నాను. ఆమె వేరే జబ్బుతో పోయి చాలా ఏళ్ళయింది. కొవ్వు దాచింది డబ్బాయే. ఆమెను నమ్మవద్దని మాత్రం దాని మీద ఎక్కడా రాసి లేదు.